ఫోన్‌లో ఇచ్చిన మాటకు పేరోల్‌లో కాలమ్ ఉండదు

వేదిక మీది పెద్దలకు, పూర్వ విద్యార్థుల సంఘం వారికి, ఆదివారం పొద్దున నిద్ర మానుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారి గురించి నాలుగు మంచి మాటలు చెప్పాలి. ఎదురుగా పొగిడితే ఆయనకే ఇబ్బంది కాబట్టి దాటేస్తున్నాను.

ఆహ్వానం కార్డులో నా అంశం ‘మారుతున్న ఉద్యోగ మార్కెట్’ అని వేశారు. అంత పెద్ద విషయం నాకు తెలియదు. నేను సాఫ్ట్‌వేర్ కంపెనీల పేరోల్ విభాగంలో పనిచేసి రిటైరైన మనిషిని. మీరు ఉద్యోగం మానేసేటప్పుడు రావలసింది ఎంత, కట్టాల్సింది ఎంత అని చివరి లెక్క ఒకటి ఇస్తారు కదా, ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ అని, ఆ షీటు తయారుచేయడం నా పని. అది చూసి నోట మాట రాక కూర్చున్నవాళ్లను చాలామందిని చూశాను. అందుకే మార్కెట్ సంగతి పక్కన పెట్టి, ఒక్క విషయమే మాట్లాడతాను. కొత్త కంపెనీ మిమ్మల్ని తొందరగా రమ్మన్నప్పుడు, పాత కంపెనీలో పనిచేయకుండా మిగిల్చిన నోటీస్ రోజులకు మీరు కట్టాల్సిన డబ్బును వాళ్లచేత ఎలా ఇప్పించుకోవాలి, దాన్ని ఏ మాటల్లో రాయించుకోవాలి అన్నది. దీన్నే బైఅవుట్ అంటారు.

ముందు మా అక్క కూతురి సంగతి చెప్పనివ్వండి. హైదరాబాద్‌లోనే ఉద్యోగం. నెలకు గ్రాస్ జీతం 1,80,000, అందులో బేసిక్ 72,000. నోటీస్ 90 రోజులు. కొత్త కంపెనీ ఏడాదికి 30 లక్షలు ఇస్తామంది, కానీ ప్రాజెక్టు మొదలైపోతోంది, 30 రోజుల్లో చేరాలంది. నోటీస్ 90 రోజులని ఫోన్‌లో రిక్రూటర్‌కు చెబితే ‘బైఅవుట్ మేం చూసుకుంటాం మేడమ్, మీరు టెన్షన్ పడకండి’ అన్నాడు. ఈ పిల్ల టెన్షన్ పడలేదు. ఆఫర్ లెటర్ వచ్చింది, సంతకం పెట్టింది, రాజీనామా ఇచ్చింది. ఆ లెటర్‌లో బైఅవుట్ ఊసే లేదు. నాకు ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది. మామయ్య పేరోల్‌లోనే కదా చచ్చింది! కానీ ఇంట్లో వైద్యుడి మందు పనిచేయదు కదా.

పాత కంపెనీ లెక్క వేసింది. చేయని నోటీస్ 60 రోజులు. బేసిక్ మీద అయితే 1,44,000. గ్రాస్ మీద అయితే 3,60,000. ఆమె నియామక పత్రంలో గ్రాస్ అని ఉంది. 3,60,000 కట్టించుకున్నారు. మిగిలిన సెలవులకు డబ్బిచ్చేటప్పుడు మాత్రం బేసిక్ మీదే ఇచ్చారు. మీ దగ్గర తీసుకునేటప్పుడు గ్రాస్, మీకు ఇచ్చేటప్పుడు బేసిక్! ఎన్నో కంపెనీల్లో ఇదే పద్ధతి. ఇన్నేళ్లు ఆ షీట్లు నా చేత్తోనే తయారుచేశాను, అయినా ఆ రెండు వరసలు ఒకదాని కింద ఒకటి కనిపిస్తే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

కొత్త కంపెనీలో చేరి, రసీదు ఇచ్చి డబ్బు అడిగింది. పేరోల్‌లోని అమ్మాయి చాలా మర్యాదగా, ‘ఇది మీ ఆఫర్ లెటర్‌లో ఏ క్లాజు కింద వస్తుందండీ?’ అని అడిగింది. తప్పు ఆమెది కాదు. ఆ కుర్చీలో నేనున్నా అదే అడుగుతాను. పేరోల్‌కు కాగితమే ఆధారం. రిక్రూటర్‌కు ఫోన్ చేస్తే అతను కన్సల్టెన్సీ మనిషి, అప్పటికే వేరే చోటికి వెళ్లిపోయాడు. మాటంతా వాట్సాప్ కాల్‌లో జరిగింది కాబట్టి చూపించడానికి ఒక్క మెసేజ్ కూడా లేదు. నెల రోజులు తిరిగాక ‘మా పాలసీ ప్రకారం ఒక నెల బేసిక్ వరకే’ అన్నారు. 72,000. అందులోనూ పన్ను కోత.

ఈ కథ విని రిక్రూటర్‌ను తిట్టుకోవద్దు. అతను అబద్ధం చెప్పాడని నేను అనను. ఆ క్షణంలో నిజంగానే ఇప్పిద్దామనుకుని ఉంటాడు. కానీ డబ్బు మంజూరు చేసే మనిషి అతను కాదు.

సరే, మరి ఏం చేయాలి? మొదట మీ పాత నియామక పత్రం తీసి నోటీస్ క్లాజు చదవండి. అందులో రెండు విషయాలు వెతకాలి. ఒకటి, రికవరీ బేసిక్ మీదా గ్రాస్ మీదా. రెండోది ఇంకా ముఖ్యం. డబ్బు కట్టి ముందే వెళ్లడం మీ ఇష్టమా, కంపెనీ ఇష్టమా? చాలా పత్రాల్లో అది కంపెనీ విచక్షణకే వదిలేసి ఉంటుంది. అంటే మీరు డబ్బు పట్టుకుని నిలబడినా వాళ్లు వదలకపోవచ్చు. వదలకుండా వెళ్లిపోతే రిలీవింగ్ లెటర్ రాదు. అందుకని కొత్త కంపెనీకి ఇచ్చే తేదీని ఎప్పుడూ ‘ప్రస్తుత సంస్థ రిలీవ్ చేసిన దాన్నిబట్టి’ అనే షరతుతోనే ఇవ్వండి.

తరువాత మెయిల్. ఎప్పుడు పంపాలి? జీతం అంకె తేలాక, ఆఫర్‌కు ఒప్పుకోక ముందు. ఆ రెండింటి మధ్య ఉన్న రెండు మూడు రోజులే మీ చేతిలో ఉన్న సమయం. అంతకుముందు అడిగితే వాళ్లు మొత్తం ప్యాకేజీలో నుంచే సర్దేస్తారు. సంతకం పెట్టాక అడిగితే వాళ్లకు ఇవ్వాల్సిన అవసరం ఉండదు. మీరు ఇంగ్లీషులోనే రాస్తారు, నేను దాని సారం చెబుతాను, రాసుకునేవాళ్లు రాసుకోండి:

‘ఆఫర్‌కు ధన్యవాదాలు. ప్రస్తుత సంస్థలో నా నోటీస్ 90 రోజులు. మీరు కోరినట్టు 30 రోజుల్లో చేరాలంటే మిగిలిన 60 రోజులకు గ్రాస్ జీతం లెక్కన 3,60,000 రూపాయలు కట్టాలి. సంబంధిత పేజీ జతచేశాను. ఈ మొత్తం పన్ను పోగా నా చేతికి పూర్తిగా అందేలా, మొదటి నెల జీతంతో చెల్లిస్తామని ఆఫర్ లెటర్‌లో చేర్చగలరా? అది వీలుకాకపోతే దానికి సమానమైన జాయినింగ్ బోనస్ అయినా నాకు సమ్మతమే. రెండూ కుదరకపోతే నోటీస్ పూర్తిచేసుకుని ఫలానా తేదీన చేరతాను.’

చివరి వాక్యం చూడండి. బెదిరింపు లేదు, బతిమాలడం లేదు. తొందర వాళ్లది కాబట్టి ఆ తొందరకు అయ్యే ఖర్చు ఇదీ అని చెప్పారంతే. ఇది తిరగేసి కూడా చూసుకోండి. వాళ్లకు తొందర లేదనుకోండి, 90 రోజులు ఆగుతామన్నారనుకోండి, అప్పుడు బైఅవుట్ అడగడానికి మీ దగ్గర కారణమే లేదు. అప్పుడు అడగాల్సింది వేరు. మీరు మార్చిలో మానేయడం వల్ల ఏప్రిల్‌లో పనితీరునుబట్టి రావలసిన వేరియబుల్ పే పోతుంటే, దానికి బదులుగా జాయినింగ్ బోనస్ అడగవచ్చు. ఎంత పోతుందో పాత ఏడాది పేస్లిప్ జతచేసి చూపించాలి.

‘పన్ను పోగా’ అన్న మాట ఎందుకు పెట్టానో చెప్పాలి. కొత్త కంపెనీ ఇచ్చే బైఅవుట్ డబ్బు అయినా, జాయినింగ్ బోనస్ అయినా మీ జీతం కిందే లెక్క. 30 శాతం శ్లాబులో ఉంటే సెస్‌తో కలిపి 31.2 శాతం పోతుంది. 3,60,000 ఇస్తే మీకు అందేది 2,47,680. పూర్తిగా అందాలంటే వాళ్లు దాదాపు 5,23,000 ఇవ్వాలి. వాళ్లు అంత ఇస్తారా? చాలాచోట్ల ఇవ్వరు. కానీ అడిగితే మధ్యలో ఎక్కడో ఆగుతారు, అడగకపోతే కింది అంకె దగ్గరే మొదలవుతుంది.

పాత కంపెనీ మీ ఫారం 16లో ఆ రికవరీని జీతంలోంచి తగ్గించి చూపిస్తే ఈ నష్టం పూడుతుంది. ఎక్కువ కంపెనీలు తగ్గించవు, మీ చేతికి రాని జీతానికి కూడా పన్ను పడుతుంది. అందుకే సెటిల్‌మెంట్ వేయకముందే వాళ్ల పేరోల్‌కు మెయిల్ పెట్టి అడగండి. 2017లో అహ్మదాబాద్ ఆదాయపు పన్ను ట్రిబ్యునల్ ఒక కేసులో, రికవరీ పోను నిజంగా అందిన జీతం మీదే పన్ను అని ఉద్యోగికి అనుకూలంగా చెప్పింది. కానీ రిటర్న్‌లో అలా చూపిస్తే నోటీసు వచ్చే అవకాశం ఉంది, మీ ఆడిటర్‌ను అడిగే చేయండి.

ఇంకోటి కూడా ఇక్కడే చెప్పేస్తాను, మర్చిపోతాను. మీ సెటిల్‌మెంట్ షీటులో నోటీస్ రికవరీ మీద 18 శాతం జీఎస్టీ వేశారనుకోండి, ఒప్పుకోవద్దు. 3,60,000 మీద అది 64,800 అవుతుంది. నోటీస్ రికవరీకి జీఎస్టీ వర్తించదని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2022 ఆగస్టు 3న సర్క్యులర్ ఇచ్చింది. నంబరు 178. పేరోల్‌కు ఆ నంబరు రాసి పంపండి చాలు.

వెనక వరసలో ఎవరో చెయ్యి ఎత్తారు. ఏమిటి బాబూ? బైఅవుటా, జాయినింగ్ బోనసా, ఏది మేలు అంటున్నాడు. మంచి ప్రశ్న. బైఅవుట్ అయితే రసీదు అడుగుతారు, పరిమితి ఉంటుంది, పాత కంపెనీ సెటిల్‌మెంట్ అయ్యేదాకా ఆగాలి. బోనస్‌కు రసీదు అక్కర్లేదు, మొదటి నెలలోనే వచ్చేస్తుంది. అయితే ఒక కిటుకు ఉంది. కొందరు బోనస్‌ను సీటీసీలో కలిపేసి పెద్ద అంకె చూపిస్తారు. ‘30 లక్షలు’ అంటారు, విప్పి చూస్తే 27 జీతం, 3 బోనస్. వచ్చే ఏడాది హైక్ 27 మీదే. ఫిక్స్‌డ్ ఎంతో విడిగా రాయించుకోండి.

రెండింటికీ ఉండే ముల్లు ఒకటే. ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలనే షరతు. ఆ షరతు పెట్టొద్దనడం వృథా, దాని మాటలు మార్పించండి. 3 లక్షల బోనస్ తీసుకుని తొమ్మిది నెలలు పనిచేసి మానేశారనుకోండి. ‘పూర్తి మొత్తం’ అని ఉంటే 3 లక్షలూ కట్టాలి. ‘మిగిలిన నెలల లెక్కన’ అని ఉంటే 75,000. పైగా మీకు అందింది పన్ను పోను 2,06,400, వాళ్లు అడిగేది 3,00,000. అదే ఆర్థిక సంవత్సరంలో తిరిగి కడితే పేరోల్ వాళ్లు పన్ను సర్దగలరు. మార్చి 31 దాటితే ఆ పన్ను వెనక్కి రప్పించుకోవడం మహా కష్టం. ఇంకా, కంపెనీయే మిమ్మల్ని తీసేస్తే కట్టనక్కర్లేదు అన్న ముక్క కూడా అందులో ఉండాలి. లేఆఫ్‌లో ఉద్యోగం పోయిన పిల్లాడి దగ్గర బోనస్ వెనక్కి అడిగిన షీటు నేను చూశాను.

మెయిల్ పెడితే ఆఫర్ వెనక్కి తీసుకుంటారేమో అని మీ భయం, తెలుసు. ఒప్పుకోకముందు మర్యాదగా ఒక్కసారి అడిగినందుకు ఆఫర్ పోవడం నేనైతే చూడలేదు. ‘కుదరదు’ అని జవాబు రావడం చూశాను. ఒప్పుకున్నాక మళ్లీ మళ్లీ కొత్త కోరికలు పెట్టినవాళ్ల ఆఫర్లు పోవడం చూశాను.

హెచ్‌ఆర్ నుంచి ‘ఓకే, అప్రూవ్డ్’ అని మెయిల్ వచ్చినా అక్కడితో ఆగకండి. ఆ వాక్యం ఎక్కిన సవరించిన ఆఫర్ లెటర్ రావాలి. ఎంత, ఏ నెల జీతంతో, ఏ రసీదు చూపిస్తే అన్నవి అందులో ఉండాలి. ‘పాలసీ ప్రకారం’, ‘వరకు’ లాంటి మాటలు కనిపిస్తే ఆ పాలసీ కాపీ, ఆ పరిమితి అంకె అడగండి. రాజీనామా ఆ లెటర్ వచ్చిన తరువాతే.

కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు, భోజనాలు వడ్డిస్తున్నారట. ఎవరి ఫోన్‌లోనైనా ఆఫర్ లెటర్ ఉంటే తీసుకుని నా పక్కన కూర్చోండి, జీతం అంకె చేత్తో మూసేసి క్లాజులు మాత్రం చూపించండి.