వైవాలో రెండు మిర్చి ప్రశ్నలు

నమస్కారం. గుంటూరులో మాట్లాడుతున్నాను కాబట్టి మిర్చి థీసిస్ గురించే చెబుతాను. పేరు చెప్పను కానీ, ఆ అమ్మాయి వైవాలో నేనూ ఉన్నాను. కోతలవగానే యార్డులో అమ్మడం మేలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆగస్టులో అమ్మడం మేలా అన్నది ఆమె పరిశోధన. ఆగితేనే మేలని తేల్చింది.

ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ మొదటి ప్రశ్నే గట్టిగా వేశారు. "మీరు వాడింది మోడల్ ధర. అంటే ఆ రోజు ఎక్కువ సరుకు అమ్ముడైన ధర. రైతు చేతికి అదే వస్తుందని ఎవరు చెప్పారమ్మా?"

ఇలాంటప్పుడు మనవాళ్లు "అందరూ అదే వాడతారు సార్" అంటారు. అది జవాబు కాదు. ఆమె ఒక్క క్షణం ఆగి, "రాదు సార్, తేమ, తాలు చూసి తగ్గిస్తారు" అని ముందే ఒప్పుకుంది. తర్వాత బోర్డు మీద లెక్క వేసింది. సులువు కోసం అంకెలు అనుకుందాం. మార్చిలో మోడల్ ధర క్వింటాకు 15,000, రైతుకు అందింది 14,200. ఆగస్టులో 18,000, అందింది 17,200. రెండుసార్లూ 800 తక్కువే కనుక తేడా అటు చూసినా ఇటు చూసినా 3,000. "నాకు కావలసింది తేడా సార్, ధర కాదు" అంది.

ఆయన వదల్లేదు. "ఆగస్టులో 800 బదులు 1,500 తగ్గిస్తే?"

"అప్పుడు తేడా 2,300 అవుతుంది. స్టోరేజీ అద్దె, వడ్డీ అంతకు లోపుంటేనే నా మాట నిలుస్తుంది. నా దగ్గర రైతుల అమ్మకం చీటీలు, అంటే తక్‌పట్టీలు, 40 ఉన్నాయి, ఆగస్టువి తొమ్మిదే. తొమ్మిదింటితో గట్టిగా చెప్పలేను."

రెండుసార్లూ తగ్గింపు ఒకటే అన్న ఊహ ఎక్కడ విరుగుతుందో తనే చూపించింది. ఆమె గైడ్ ముఖంలో మాత్రం టెన్షన్ తగ్గలేదు.

రెండో ప్రశ్న దగ్గర అలా లెక్క వేసి కాపాడుకునే దారి లేదు. "రైతుల్ని ఎలా ఎంచుకున్నారు?" పట్టాదారు జాబితా నుంచి. అంటే కౌలు రైతులు లేరు. "టైం సరిపోలేదు", "ఫ్యూచర్ స్కోప్‌లో రాశాను" అని తప్పించుకోవచ్చు. ఆమె తప్పించుకోలేదు. "ఇది నిజమైన లోటు సార్. అప్పు తీర్చాల్సిన కౌలు రైతు ఆగలేడు. కాబట్టి రైతులందరికీ వర్తింపజేస్తే లాభం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. సొంత భూమి ఉన్నవాళ్ల విషయంలో లెక్క మారదు."

లోటు ఉందనడమే కాదు, అది ఫలితాన్ని ఎటు లాగుతుందో, ఏది చెడకుండా మిగులుతుందో కూడా చెప్పింది. నాకు నచ్చింది అదే. క్షమాపణలు చెబుతూ కూర్చోలేదు కూడా.

"మరి చివరి అధ్యాయంలో 'జిల్లా రైతులందరూ' అని రాశారే?"

"అది తప్పు సార్, మారుస్తాను" అంటూ పేజీ తీసింది. అక్కడ ముందే పెన్సిల్ గీత ఉంది.

ఆయన తన కాపీలో కూడా గీత గీసుకుని, తర్వాతి అధ్యాయానికి వెళ్లారు.