పది బై ఇరవై షాపులో ఆదివారం పొద్దున

సెలూన్ నడిపే అన్నలకు, తమ్ముళ్లకు, పార్లర్ నడిపే అక్కచెల్లెళ్లకు నమస్కారం.

షాపుల లోపలి పని చేయించడం నా వృత్తి. కుర్చీలు ఎక్కడ పెట్టాలి, అద్దం ఎంత ఎత్తులో ఉండాలి, నీళ్ల పైపు ఎటు నుంచి రావాలి, ఇవన్నీ రోజూ చూసే పనే. నన్ను పిలిచేవాళ్లు ఎక్కువమంది అడిగేది ఒకటే: "ఇంకో కుర్చీ పడుతుందా?" పడుతుందో లేదో చెప్పడానికి టేపు చాలు. కానీ ఆ కుర్చీ వేస్తే ఒక్క కస్టమరైనా పెరుగుతాడా అన్నది టేపు చెప్పదు. ఈరోజు నేను మాట్లాడాలనుకున్నది దాని గురించే. చిన్నచిన్నవి చాలా చెప్పడం కంటే ఒక్క షాపునే తీసుకుని చివరిదాకా లెక్క వేద్దాం.

షట్టర్ షాపు. వెడల్పు మాటకు పది అడుగులు, పొడుగు లోపల ఇరవై అడుగులు. గోడలు, ప్లాస్టరింగ్ పోతే లోపల వెడల్పు తొమ్మిదిన్నర. మగవాళ్ల సెలూన్. ఒక గోడకు వరసగా మూడు కుర్చీలు, ఎదురు గోడకు పొడుగాటి సోఫా, వెనక షాంపూ బేసిన్, గుమ్మం దగ్గర క్యాష్ టేబుల్. ఓనరుతో కలిపి పని చేసేది ముగ్గురు. మనలో సగం షాపులు ఇలాగే ఉంటాయి. మంగళవారం సెలవు, మిగతా రోజులు మామూలు. ఆదివారం పొద్దున ఏడు నుంచి ఒంటిగంట దాకా మాత్రం ఊపిరాడదు. వచ్చినవాళ్లలో కొందరు లోపలికి తొంగి చూసి వెళ్లిపోతున్నారు. నాలుగో కుర్చీ కావాలని ఓనరు అనుకున్నది అందుకే.

ఆ ఆరు గంటల లెక్క చూద్దాం. మూడు కుర్చీలు, ఒక్కోటి 360 నిమిషాలు, మొత్తం 1080 కుర్చీ నిమిషాలు. కటింగ్‌కి, గుడ్డ మార్చి నేల ఊడ్చేదాకా కలిపి, 25 నిమిషాలు పెట్టుకోండి. కటింగ్, గడ్డం రెండూ అయితే 40. తలకు కలర్ అయితే పూయడానికి 15, ఆగడానికి 30, కడగడానికి 10, ఆరబెట్టి దువ్వడానికి 5, అంటే గంట. ఒక పొద్దున కటింగ్‌లు 18, కటింగ్‌తో గడ్డం 6, కలర్‌లు 6 అనుకోండి. 450, 240, 360. మొత్తం 1050. అంటే 1080లో దాదాపు అంతా నిండిపోయింది. ఇక్కడిదాకా చూస్తే ఓనరు అన్నదే కరెక్టు, కుర్చీ చాలట్లేదు.

ఇప్పుడు కలర్ గంటని విప్పి చూడండి. ఆ మధ్య 30 నిమిషాలు కుర్చీలో జరిగే పని ఏమీ లేదు. మనిషి ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. ఆ కుర్చీ దగ్గర వర్కర్ పక్కన నిలబడి ఉన్నాడు, ఎందుకంటే అతనికి వేరే కుర్చీ లేదు. ఆరు కలర్‌లకు 180 నిమిషాలు కుర్చీ ఖాళీగా లేదు, చెయ్యి ఖాళీగా ఉంది. కడిగే 10 నిమిషాలు మరో రకం. మనిషి బేసిన్ దగ్గరికి వెళ్లాడు, కుర్చీ మీద అతని టవలు, ఫోను ఉన్నాయి కాబట్టి ఇంకొకరు కూర్చోరు. అక్కడ కుర్చీ ఖాళీ అయినా చెయ్యి ఖాళీ కాదు, తల కడుగుతోంది. ఈ రెండింటినీ కలిపేసుకోకూడదు. కుర్చీ, చెయ్యి రెండూ ఒకేసారి ఖాళీ అయితేనే కొత్త కస్టమర్‌ని కూర్చోబెట్టగలం. కలర్ పూసిన మనిషిని ఆ అరగంట పక్కకు జరిపితే రెండూ ఖాళీ అవుతాయి. అందుకే మనకు మిగిలేది 240 కాదు, 180. దాన్ని 25తో భాగిస్తే ఏడు కటింగ్‌లు. ఖాళీలు మనకు కావలసినట్టు వరసగా రావు కాబట్టి నిజంగా నాలుగో ఐదో అనుకోండి. అదీ అద్దె పెరగకుండా, జీతం పెరగకుండా.

నాలుగో కుర్చీ వేసుంటే ఏమయ్యేది? అదే 180 నిమిషాలు మిగిలేవి. చేతులు మూడే కదా. హైడ్రాలిక్ కుర్చీ, అద్దం, లైటు, ప్లగ్ పాయింటు ఇన్ని పెట్టి కొన్నది చివరికి ఖరీదైన వెయిటింగ్ స్టూలు. ఆ పని మడత కుర్చీ చేస్తుంది.

కాబట్టి ప్రశ్న మారింది. కలర్ పూసిన మనిషి ఆ అరగంట ఎక్కడ కూర్చోవాలి?

సోఫాలో కూర్చోబెడదామంటే కుదరదు. మరక పడుతుంది, పక్కవాడు జరిగిపోతాడు. పైగా అసలు ఆ సోఫాయే ఈ షాపులో పెద్ద సమస్య. వెడల్పు కొలవండి. గడ్డం కోసం కుర్చీని వెనక్కి వాల్చితే తల ఆనే దిండు అద్దం గోడ నుంచి ఐదున్నర అడుగుల దాకా వస్తుంది. దాని వెనక మనిషి నిలబడి పని చెయ్యడానికి ఒకటిన్నర. ఏడు అడుగులు అయిపోయింది. మిగిలింది రెండున్నర. సోఫా లోతే రెండున్నర, కూర్చున్నవాళ్ల కాళ్లు ఇంకో ఒకటిన్నర ముందుకొస్తాయి. మొత్తం పదకొండు అడుగులు, ఉన్నది తొమ్మిదిన్నర. ఎవరు అటూ ఇటూ నడిచినా గీస్తున్న చెయ్యి ఆగాలి. రేజర్ పట్టుకున్నవాడు ఆగకపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

సోఫా తీసేశాం. ముందు నాలుగు అడుగుల్లో, షట్టర్‌కి ఆనుకుని, మూడు సీట్లు పెట్టాం. మూడే ఎందుకంటే, మూడు కుర్చీలు 25 నిమిషాల పనితో తిరుగుతుంటే ఎనిమిది తొమ్మిది నిమిషాలకు ఒకటి ఖాళీ అవుతుంది. మూడో సీట్లో ఉన్నవాడికి పాతిక నిమిషాల్లో పిలుపు వస్తుంది. అంతకంటే ఎక్కువ ఆగాల్సినవాడిని లోపల కూర్చోబెట్టి లాభం లేదు. నంబరు చీటీ ఇచ్చి, ఫోన్ నంబరు రాసుకుని, "ఎనిమిదిన్నరకి ఫోన్ చేస్తాం, ఈలోపు టిఫిన్ చేసి రండి అన్నా" అంటే వాళ్లకే సుఖం. కొందరు "ఓనరే చెయ్యాలి" అంటారు. వాళ్లకు వేరే రంగు చీటీ ఇవ్వండి. లేకపోతే వరస తప్పిందని పక్కవాళ్లతో గొడవ.

ముందు నాలుగు అడుగులు, మూడు కుర్చీలకు నాలుగేసి చొప్పున పన్నెండు, వెనక నాలుగు. ఇరవై సరిపోయింది. కుర్చీ మధ్య నుంచి కుర్చీ మధ్యకు నాలుగు అడుగులు మరీ సుఖం కాదు, నాలుగున్నర ఉంటే మోచేతులు తగలవు. ఇక్కడ నాలుగుతోనే సర్దుకోవాలి కాబట్టి ట్రాలీలు తీసేసి, ప్రతి అద్దం కింద సొరుగు పెట్టి, ట్రిమ్మర్, దువ్వెనలు, స్ప్రే ఎవరివి వాళ్లకు ఇచ్చాం. దువ్వెనలు మాత్రం ఒక్కొక్కరికి రెండు సెట్లు. ఒక సెట్ మందు నీళ్లలో నానుతుంటే ఇంకోదానితో పని. రద్దీ ఉందని నానే టైము తగ్గించొద్దు. బ్లేడు ఎలాగూ మనిషికొకటి.

ఏ కుర్చీలో ఏ పని అన్నది కూడా తేల్చుకున్నాం. గుమ్మం పక్కది పిల్లల కటింగ్, గడ్డం లాంటి త్వరగా తెమిలే పనులకు. బేసిన్ పక్కనున్న మూడోది కలర్‌కి. దాన్ని వాల్చే పని లేదు కాబట్టి వర్కర్ నిలబడే చోటుతో కలిపి ఐదున్నర అడుగుల్లో అయిపోతుంది. ఎదురుగా నాలుగు అడుగులు మిగిలాయి. అక్కడ గోడకు రెండు మడత కుర్చీలు, కలర్ పూసినవాళ్లకు. రెండు మూడు అడుగులు వేస్తే బేసిన్. ఇంతకుముందు కలర్ కారుతున్న తలతో సోఫాలో వాళ్ల మోకాళ్లు దాటుకుంటూ వచ్చేవాళ్లు.

ఆ మడత కుర్చీల మీద ఫ్యాన్ గాలి నేరుగా తగలకూడదు. కలర్ క్రీమ్ త్వరగా ఆరిపోయి సరిగ్గా పట్టదు. తెల్లారి "ఇక్కడ తెలుపు అలాగే ఉంది" అని ఫోన్ వస్తుంది. వెనక గోడకు, మరక కడిగితే పోయేలా, టైల్ గానీ షీట్ గానీ వెయ్యండి. ముఖ్యంగా టైము. మనిషి కుర్చీలో ఉన్నప్పుడు కళ్ల ముందే ఉంటాడు, పక్కకు జరిగితే మర్చిపోతాం. కాబట్టి చిన్న తెల్ల బోర్డు మీద కడగాల్సిన టైము రాయండి. ఎంతసేపు ఉంచాలన్నది డబ్బా మీద ఉన్నదే, నేను లెక్క కోసం 30 అన్నాను.

ఇలా మార్చాక ఇరుకు ఇంకోచోటికి జరుగుతుంది. ఈ షాపులో బేసిన్‌కి జరిగింది. ఇద్దరికి ఐదు నిమిషాల తేడాతో కలర్ పూస్తే ఇద్దరూ ఐదు నిమిషాల తేడాతోనే కడగడానికి వస్తారు. పైగా అక్కడున్నది మూడు లీటర్ల గీజర్. చలికాలంలో రెండో తలకు చన్నీళ్లే. పదిహేను లీటర్లది పెట్టించి, కలర్‌కి కలర్‌కి మధ్య ఇరవై నిమిషాలు ఎడం పాటించమన్నాం. అందుకే మడత కుర్చీలు కూడా రెండే. మూడోది వేస్తే ఎడం పాటించడం మానేస్తారు.

డబ్బుల దగ్గర కూడా కొంత టైము పోతోంది. క్యాష్ టేబుల్ దగ్గరికి ఓనరు చేతులు తుడుచుకుని వెళ్లడం, చిల్లర వెతకడం, తిరిగి రావడం. ప్రతి అద్దం మూలన క్యూఆర్ కోడ్ అంటిస్తే గుడ్డ తీసేలోపు స్పీకర్ అరిచేస్తుంది. నోట్లు ఇచ్చేవాళ్లు ఉంటారు, వాళ్ల కోసం టేబుల్ ఉండనివ్వండి.

మీ షాపులో ఇదంతా పనికొస్తుందా అన్నది ముందు చూసుకోండి. ఆదివారం తొమ్మిదింటికి గుమ్మంలో నిలబడి గమనించండి. జనం ఎదురుచూస్తున్నారు, మీ వర్కర్లలో ఎవరో ఒకరు ఊరికే నిలబడ్డారు అంటే ఇరుకు కుర్చీలోనో బేసిన్‌లోనో ఉంది, నేను చెప్పిన మార్పు మీకే. కుర్చీ ఖాళీగా ఉండి జనం ఆగి ఉంటే చేతులు చాలట్లేదు, అప్పుడు గోడలు మార్చడం దండగ. కుర్చీలూ నిండి, చేతులూ ఆడుతూ, ఇంకా జనం తిరిగిపోతుంటే అప్పుడు మనిషిని, కుర్చీని కలిపి పెంచాలి. కలర్‌లు రోజుకు ఒకటో రెండో వచ్చే షాపులో నా లెక్కకు పెద్దగా మిగలదు. ఫేషియల్ ఎక్కువైతే దాన్ని ఆదివారం పొద్దున నుంచి తీసేసి వారం మధ్యలో మధ్యాహ్నానికి జరపడమే నయం, కొంచెం రేటు తగ్గించైనా. అయ్యప్ప మాలల రోజుల్లో వచ్చేవాళ్లు తగ్గుతారు కాబట్టి అప్పుడు చూసిన లెక్కతో మిగతా ఏడాదికి నిర్ణయం తీసుకోకండి.

మార్చాలనుకుంటే కుర్చీలు విప్పకముందే నేల మీద సుద్దతో గీసి, కుర్చీ వాల్చినప్పుడు ఎంత వస్తుందో అక్కడ అట్టముక్కలు పరిచి, ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నడిచి చూడండి. మంగళవారం ఒక్క పూట చాలు దీనికి. బేసిన్ మాత్రం ఉన్నచోటే ఉండనివ్వండి. దాన్ని జరిపితే నేల పగలగొట్టాలి, డ్రైన్‌కి వాలు మళ్లీ చూసుకోవాలి, బిల్డింగ్ ఓనరు ఒప్పుకోవాలి. బేసిన్ ఎక్కడుందో అక్కడి నుంచి మొదలుపెట్టి కలర్ కుర్చీని దాని పక్కకు తెచ్చుకోండి, మిగతా కుర్చీలు ఆ తర్వాత.