ఆ నాలుగో సీసా
(మండల రైతు వేదికల మాట్లాడింది)

వేదిక మీదున్న పెద్దలకు, ఏఈఓ మేడంకు, ముందట కూసున్న అన్నలకు అక్కలకు అందరికి నమస్తే. ఒక్కొక్కరి పేరు చెప్పుకుంట పోతే పొద్దుగూకుతది, ఎవ్వలు ఏమనుకోవద్దు. మేడం నన్ను పిలిచింది మిర్చిల పురుగుల గురించి పది నిమిషాలు మాట్లాడమని, కని నేను గీ పురుగుమందు సీసా తీస్కొని వచ్చిన, ఇది అసలుదా నకిలీదా అన్న ముచ్చటే చెప్త.

నేను ఎరువుల దుకాణంల 22 ఏండ్లు గుమాస్తా పని చేసినోన్ని. డబ్బా చూడంగనే చెప్పగలుగుత అనుకునేటోన్ని, అదే నన్ను ముంచింది. రెండెకరాల మిర్చి, కాయ కాడికొచ్చినంక లద్దె పురుగు పడ్డది. క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 శాతం ఎస్.సి. తెలుసు గదా, ఎకరానికి 60 మిల్లీలీటర్ల సీసా ఒకటి, 200 లీటర్ల నీళ్లల్ల. రెండు సార్లు కొట్టాలెనని నాలుగు సీసాలు కొన్న, నేను పని చేసిన దుకాణంల కాదు, ఇంకో దగ్గర. సీసకు నూట యాభై తక్కువ అన్నడు, బిల్లు అంటే తెల్ల చిట్టీ మీద రాసిచ్చిండు. చిట్టీ చూసి కూడా నోరు మూస్కొని ఒచ్చిన, గుమాస్తాగ ఎంతమందికి గసొంటి చిట్టీలు రాసిన్నో నాకెరుక.

మొదటిసారి రెండు సీసాలు కొట్టిన. గీ మందు తాగిన పురుగు గంటల్లనే తినుడు ఆపుతది, సచ్చేటందుకు రెండు మూడు రోజులు పడుతది, కాబట్టి తెల్లారి చూసి నకిలీ అనొద్దు. నాలుగో రోజు పోయిన, పురుగు ఎప్పటిలెక్కనే కాయ కొరుకుతున్నది. వాన పడలే. మోతాదు తక్కువైందేమో అనుకొని మూడోది ఒక్క ఎకరంల కొట్టిన, ఏం ఫరక్ లేదు. గప్పుడు నాలుగోది చేతిల పట్టుకొని వాకిట్ల ఎండల కూసున్న.

అరె, ఏనుమాముల మార్కెట్ల మన బస్త మూతి విప్పి, కాయ ఇరిచి, వాసన జూసి, తాలు ఉన్నదని పైసలు కోస్తరు, మనం మాత్రం మందు సీసాను ఒక్కసారి తిప్పి సూడం. చేతులెత్తుండ్రి, అట్టపెట్టె మీది బ్యాచ్ నంబరు, సీసా మీది బ్యాచ్ నంబరు పక్కపక్కన పెట్టి చూసినోల్లు ఎంతమంది? ఇద్దరు. సరే.

నేను కూడా గా రోజే మొదటిసారి చూసిన. బ్యాచ్ నంబరు అంటే ఏంది, ఒక్కసారి కలిపిన మందుకు పెట్టే గుర్తు. లేబులు ముందే ప్రెస్సుల అచ్చయి ఉంటది, బ్యాచ్, తయారు తేదీ, గడువు తేదీ, ధర మాత్రం మందు నింపేటప్పుడు మిషిన్ కొడుతది, చుక్కలు చుక్కలుగ ఉన్నట్టు, ఒక్కోసారి వంకరగ కూడా ఉంటది, వంకరున్నంత మాత్రాన దొంగది కాదు. నా సీసా మీద గీ తేదీలు లేబులు అక్షరాల తోటి కలిసి, అదే నలుపు, అదే మెరుపు. అంటే లేబులు తోటే తేదీ కూడా అచ్చేసిండ్రు. ఖాళీ సీసాలు మూడు తెచ్చి పక్కన పెట్టిన, అక్షరం పడ్డ జాగ కూడా ఎంట్రుకవాసి తేడా లేదు. మిషిన్ కొడితే ఒక్కోదానికి జరంత జరుగుతది గదా.

పెట్టె మీద చూస్తే తయారైన నెల, గడువు నెల నడుమ రెండేండ్లు. సీసా మీద మూడేండ్లు. ఒక్క మందుకు రెండు ఆయుష్షులెట్లుంటయి? బ్యాచ్ నంబరు చివరి రెండంకెలు కూడా వేరు. పెట్టె ఎక్కన్నో, సీసా ఎక్కన్నో, రెండు కలిపి అమ్మిండ్రు. గిది కండ్ల ముందట ఉన్నది, నేను మూడు సీసాలు కొట్టినంక చూసిన.

ఇంక అక్షరాలు. గడియారాలు బాగుచేసే మా దోస్తు కంటికి పెట్టుకునే అద్దం అడిగి తెచ్చుకున్న, మీరు ఫోన్ కెమెరా దగ్గరికి తెచ్చి జూమ్ చేసినా సరిపోతది. అసలు లేబుల్ల సన్న నల్ల అక్షరం ఒక్క నల్ల సిరాతోటే పడుతది, అంచు గీసినట్టుంటది. దొంగోడు ఏం చేస్తడు, అసలుదాన్ని స్కాన్ కొట్టి మళ్ల అచ్చేస్తడు, గప్పుడు నల్ల అక్షరం రంగు రంగు చుక్కల తోటి తయారైతది, అంచు మసకగ ఉంటది. మన తెలుగు ఇంకా తొందరగ దొరుకుతది. పెట్టెలున్న కాయితం మీద ‘జాగ్రత్త’ అన్న మాట చూసిన, ‘త’ కింద వత్తు ముద్దలెక్క అయింది, ‘గ్ర’ల వత్తు సగమే ఉన్నది. ఇంగ్లీషు మంచిగనే ఉన్నది, తెలుగు మాత్రం నానబెట్టినట్టు. కంపెనోల్లు కూడా తెలుగు తప్పులు రాస్తరు, అది వేరే ముచ్చట, మాట తప్పుండుడు వేరు, అక్షరం కరిగిపోవుడు వేరు.

మూల మీద నిలబెట్టిన చదరం గుర్తు కూడా చూడుండ్రి. కింది త్రికోణం ఎరుపుంటే అన్నిట్లకంటె ఎక్కువ విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. గీ మందుకు ఆకుపచ్చ. నా సీసా మీద ఆకుపచ్చనే, పెట్టె మీద మాత్రం నీలిఛాయ కొడుతున్నది. ఎండకు వెలిసిందా అని అనుమానమొచ్చింది, కాబట్టి రంగొక్కటే పట్టుకొని కొట్లాటకు పోలే.

సీల్ సంగతి మూడు ఖాళీ సీసాలల్ల తెలిసింది. మూత కింద రింగుంటది, మొదటిసారి తిప్పంగనే కటకటమని తెగి మెడ మీదనే ఉండాలె. నావి చప్పుడు లేకుంట వచ్చినయి, రింగు మూత తోటే పైకొచ్చింది. లోపటి అల్యూమినియం రేకును మిషిన్ వేడి తోటి మూతి చుట్టు ఒక్క తీరుగ అతికిస్తది. నా వాటికి ఒక పక్క లేచి ఉన్నది, గీరి చూస్తే గట్టిపడ్డ జిగురు ఉండలు.

ఇక్కడ ఇంకోటి చెప్పాలె, మరిచిపోతున్న. ఊర్లె పాత సామాన్లు కొనేటోడు వస్తడు సూడుండ్రి, మందు సీసాలు, అవ్వి కూడా లేబులు చిరగనియ్యి కావాలె అంటడు. ఎందుకురా తమ్మీ అంటే నవ్వి పోయిండు. అసలు సీసాల దొంగ మందు నింపితే లేబులు అసలుదే, అక్షరం అసలుదే, అద్దం పెట్టినా దొరకదు. గప్పుడు మూత, రేకు, ఇంకోటి తేదీ ఉన్న జాగ, గీ మూడే మనకు దిక్కు. పాత తేదీని సిరా పోగొట్టే మందు పెట్టి తుడిస్తే అక్కడ మెరుపు పోతది, ఎండకు అడ్డంగ పట్టి చూస్తే పాత అంకె నీడ కనబడుతది. అందుకే అక్కలారా, ఖాళీ సీసను మూడు సార్లు కడిగి ఆ నీళ్లు మందు కొట్టే పంపుల పోసి, సీసకు బొక్క పెట్టుండ్రి, వానికి ఇయ్యకుండ్రి. క్యూఆర్ కోడ్ ఉన్నది గదా అంటరు, ఆ కోడ్ కూడా ఫోటో తీసి అచ్చేస్తరు, స్కాన్ చేస్తే వచ్చే బ్యాచ్, తేదీ సీసా మీదున్న వాటి తోటి కలుస్తున్నయా లేదా చూస్తెనే ఫాయిదా.

మరి నువ్వు కంప్లైంట్ ఇయ్యలేదా అని అడుగుతరు. ఇచ్చిన. వ్యవసాయ అధికారి సారు దుకాణంకు పోయి చూసిండు, ఆ బ్యాచ్ ఒక్క సీసా లేదు. దుకాణపాయన చిట్టీ చూసి, గిది నా చేతిరాత కాదు, గీ సీసా నా దగ్గర కొనలే అన్నడు. బ్యాచ్ నంబరు రాసిన బిల్లుంటే ఆ మాట అనకపోవు. లోపల ఏమున్నదో తేల్చేది ల్యాబు, నా అద్దం కాదు, నేను చెప్పినయన్ని అనుమానాలే. కని మూడు సీసాలు నేనే విప్పి కొట్టేస్తి, విప్పినదాన్ని ఎవ్వలు నమ్ముతరు, నువ్వే నీళ్లు కలిపినవంటరు.

అందుకని గీ నాలుగోదాన్ని పెట్టె తోటి, కాయితం తోటి, చిట్టీ తోటి దాచిపెట్టుకున్న. మేడం, అద్దం కూడా ఇస్తున్న, ముందటి వరుస నుంచి ఒక్కొక్కరికి అందియ్యుండ్రి. పెట్టె మీది తేదీ, సీసా మీది తేదీ పక్కపక్కన పెట్టి చూడుండ్రి. ‘జాగ్రత్త’ కాడ అద్దం పెట్టుండ్రి. మూత మాత్రం ఎవ్వలు తిప్పకుండ్రి.