కొటేషన్ మెయిల్ పంపే ముందు ఏమేం చూడాలి

నమస్కారం. తెర మీద ఉన్నది చిత్తూరులోని ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నుంచి వెళ్లాల్సిన కొటేషన్. అంకెలన్నీ ఉదాహరణకు వేసుకున్నవే. రాయడం అయిపోయింది. ముందుగా To, Cc గడుల్లోని అడ్రస్‌లు తీసేయండి. మధ్యలో పొరపాటున వేలు తగిలినా మెయిల్ వెళ్లదు.

ఇప్పుడు అంకెలు. ఇక్కడ తొందర వద్దు. తోతాపురి గుజ్జు 80 డ్రమ్ములు, ఒక్కో డ్రమ్ములో 215 కిలోలు, కిలో 90 రూపాయలు. మొత్తం 15,84,000 అని ఉంది. కంటికి సరిగ్గానే కనిపిస్తుంది. ఉత్తరంలో ఉన్న అంకెలనే మళ్లీ క్యాలిక్యులేటర్‌లో కొట్టండి. 80ని 215తో గుణిస్తే 17,200 కిలోలు. దాన్ని 90తో గుణిస్తే 15,48,000. అంటే 4, 8 తారుమారయ్యాయి. తేడా 36,000. పక్కపక్క అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ 9తో నిశ్శేషంగా పోతుంది. అలా పోయిందంటే ముందు అదే అనుమానించండి. అంకె దిద్దాక, అక్షరాల్లో రాసిన మొత్తం కూడా దిద్దాలి. చాలామంది మరిచిపోయేది అక్కడే.

ఫైల్ దిద్దారు కదా, మెయిల్‌కు తగిలించిన కాపీ మాత్రం మారదు. పాతది తీసేసి కొత్తది పెట్టండి. పెట్టాక దాన్ని మెయిల్‌లోంచే తెరిచి చూడండి. అను ఫాంట్‌లో టైపు చేసిన వర్డ్ ఫైల్ అయితే అలాగే పంపకండి. అవతలివాళ్ల కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేకపోతే తెలుగంతా పిచ్చి గుర్తులైపోతుంది. పీడీఎఫ్ చేసి, మీ ఫోన్‌లో తెరిచి చూసుకోండి.

తర్వాత తెలుగు స్పెల్లింగ్. ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేసేటప్పుడు ఒక h ఎక్కువైనా తక్కువైనా 'బరువు' కాస్తా 'భరువు', 'సంబంధించి' కాస్తా 'సంబందించి' అవుతుంది. 'అర్ధ' అంటే సగం, 'అర్థం' అంటే భావం. రెండూ నిజమైన మాటలే కాబట్టి స్పెల్ చెక్ పట్టుకోదు. 'అర్ధ భాగం అడ్వాన్సు' అనే బదులు 'సగం అడ్వాన్సు' అని రాస్తే ఆ తంటాయే ఉండదు.

ఆ వాక్యాన్నే పైకి చదవండి. 'సగం డబ్బు వెంటనే పంపాలి' అంటే హుకుం జారీ చేసినట్టుంటుంది. 'ఆర్డరుతో పాటు సగం మొత్తం జమ చేయగలరు' అనండి. గడువు తేదీ మాత్రం స్పష్టంగా ఉండాలి, దాన్ని మెత్తబరచకండి.

చివరగా అడ్రస్. రెండక్షరాలు కొట్టగానే వచ్చే పేరును నొక్కేయకుండా @ తర్వాతి భాగం దాకా చదవండి. Lakshmi, Laxmi రెండూ ఉంటాయి. అవతలివాళ్లు తమ మెయిల్ కింద ఎలా రాసుకున్నారో అలాగే రాయండి. శ్రీ, శ్రీమతి కూడా చూసుకోండి. Cc గడి మళ్లీ నింపేటప్పుడు పాత మెయిల్‌లోని వేరే కొనుగోలుదారు అందులోకి వస్తే మీ ధర వాళ్లకూ తెలిసిపోతుంది.

జీమెయిల్ సెట్టింగ్స్‌లో Undo Send 5 సెకన్లకు ఉంటే 30కి మార్చి, అప్పుడు Send నొక్కండి.