రోజుకు 20 నిమిషాలే ఉంటే: ముందు డిక్టేషన్, ఆ తప్పుల మీదే షాడోయింగ్

"అన్నా, నాది నైట్ షిఫ్ట్. అమెరికా క్లయింట్ మెయిల్ పెడితే మొత్తం అర్థమవుతుంది, అదే మనిషి కాల్‌లో మాట్లాడితే సగం పోతుంది. రోజుకు 20 నిమిషాలకు మించి దొరకదు. షాడోయింగ్ చెయ్యమని కొందరు, డిక్టేషన్ రాయమని కొందరు అంటున్నారు. ఏది చెయ్యాలి?"

తమ్ముడూ, రెండూ చెయ్యి. కాకపోతే రెండూ ఒకే ఆడియో ముక్క మీద చెయ్యి, ఆ ముక్క అర నిమిషం దాటనివ్వకు. ముందు డిక్టేషన్, దాని తర్వాతే షాడోయింగ్. వరస ఎందుకు మార్చకూడదో చెప్తాను.

ఈ పేర్లు కొత్తగా వింటున్నవాళ్లకు ఒక్క ముక్క. డిక్టేషన్ అంటే ఆడియో విని, విన్నది విన్నట్టు రాయడం. స్కూల్లో టీచరమ్మ చెప్పించిన డిక్టేషన్ స్పెల్లింగ్ కోసం. ఇక్కడ స్పెల్లింగ్ ఎలా ఉన్నా ఫరవాలేదు, చెవికి ఏం అందిందన్నదే లెక్క. షాడోయింగ్ అంటే ఆడియో నడుస్తుండగానే, దాన్ని ఆపకుండా, అర సెకనో సెకనో వెనకబడి అవే మాటలు మనమూ పైకి అంటూ పోవడం.

ఇప్పుడు మన తమ్ముడి సంగతి చూడండి. మెయిల్ అర్థమవుతోందంటే ఆ పదాలు, ఆ గ్రామర్ తనకు వచ్చు. కాగితం మీద తెలిసిన పదాన్ని గాలిలో గుర్తుపట్టలేకపోతున్నాడు, ఇబ్బంది అంతా అక్కడే ఉంది. ఇది ఎలా జరుగుతుందో ఒక వాక్యంతో చూద్దాం. కాల్స్‌లో రోజూ వినిపించే రకం వాక్యమే.

"ఐ వుడ్ హావ్ సెంట్ ఇట్ టు యూ ఎర్లియర్, బట్ ఐ వాజ్ వెయిటింగ్ ఫర్ హిమ్ టు కన్‌ఫర్మ్ ద డేట్."

నేను ఇప్పుడు చదివినట్టు ఏ క్లయింటూ చదవడు. మామూలు వేగంలో ఇది దాదాపు ఇలా వస్తుంది: "ఐడవ్ సెంటిట్టుయూ ఎర్లియర్, బటైవజ్ వెయిటింగ్ ఫరిమ్ ట కన్‌ఫర్మ్ ద డేట్." వుడ్ హావ్ రెండూ కలిసి "డవ్" అయిపోయాయి. ఫర్ హిమ్‌లో హకారం ఎగిరిపోయి "ఫరిమ్" అయింది. సెంట్, ఎర్లియర్, వెయిటింగ్, కన్‌ఫర్మ్, డేట్, ఈ అయిదూ మాత్రం గట్టిగా వినిపిస్తాయి. ఇంగ్లిష్ నడకే అది. విషయాన్ని మోసే పదాలను సాగదీసి ఒత్తి పలుకుతారు, మధ్యలో చిన్న పదాలను నలిపేస్తారు. మనకేమో తెలుగులో ప్రతి అక్షరానికీ దాని కాలం దానికి ఇచ్చి మాట్లాడటం అలవాటు. అందుకే ఇంగ్లిష్‌లోనూ ప్రతి అక్షరం వినపడాలని చెవి ఎదురుచూస్తుంది. నలిగిపోయిన పదాన్ని అది అసలు పట్టించుకోదు.

మన తమ్ముడు ఈ వాక్యం విని డిక్టేషన్‌లో ఇలా రాశాడనుకుందాం: "ఐ సెంట్ ఇట్ టు యూ ఎర్లియర్, బట్ ఐ వాజ్ వెయిటింగ్ ఫామ్ టు కన్‌ఫర్మ్ డేట్." పోయినవి చిన్న పదాలేగా అనిపిస్తుంది. కానీ అర్థం తలకిందులైంది. క్లయింట్ అన్నది "ముందే పంపేవాణ్నే, కానీ పంపలేదు" అని. తమ్ముడికి అందింది "ముందే పంపేశాను" అని. ఇంక ఆ రాత్రంతా ఇన్‌బాక్స్ వెతుక్కుంటూ కూర్చుంటాడు. మధ్యలో ఈ "ఫామ్" ఎక్కడిది? ఏదో ఫారం నింపాలేమో అన్న టెన్షన్ ఇంకొకటి!

ఈ సంగతి షాడోయింగ్‌తో మొదలుపెట్టేవాళ్లకు బయటపడదు. ఆడియో వెంట అంటూ పోతున్నప్పుడు నలిగిన చోట మనమూ ఏదో గొణిగేసి ముందుకెళ్లిపోతాం, అంతా పట్టుకున్నాం అనిపిస్తుంది. కాగితం ముందు అలా గొణగడం కుదరదు. అందుకే ముందు డిక్టేషన్.

ఇక 20 నిమిషాలు ఎలా గడపాలో చెప్తాను. అర నిమిషం ఆడియోలో సుమారు 75 నుంచి 90 పదాలుంటాయి, అంతకన్నా ఎక్కువ పెట్టుకుంటే పూర్తి కాదు. మొదట ఒకసారి పెన్ను ముట్టకుండా మొత్తం వినండి, ఎవరు ఎవరితో దేని గురించి అంటున్నారో తెలిస్తే చాలు. తర్వాత ఒక్కో వాక్యం దగ్గర ఆపి రాయండి. ఒక వాక్యాన్ని మూడుసార్లకు మించి వినొద్దు. మూడుసార్లకూ చిక్కకపోతే అక్కడ గీత పెట్టి వదిలేయండి. ఒకే చోట పదిసార్లు వింటే అది పది రకాలుగా వినిపిస్తుందే తప్ప ఒరిగేదేం ఉండదు. దీనికి ఎనిమిది నిమిషాల దాకా పోతుంది.

తర్వాత ట్రాన్స్‌క్రిప్ట్ తెరిచి, వేరే రంగు పెన్నుతో దిద్దుకోండి. చాలామంది ఇక్కడ తప్పులు లెక్కపెట్టుకుని పుస్తకం మూసేస్తారు. నన్నడిగితే మొత్తం పనిలో విలువైన నాలుగు నిమిషాలు ఇవే. ప్రతి తప్పు దగ్గరా ఆగి, ఇది ఎందుకు పోయింది అని చూసుకోవాలి. పదమే తెలియకపోతే అది చెవి తప్పు కాదు, అర్థం చూసుకుని వదిలేయండి. వాక్యం మొదలు బాగా రాసి చివర ఖాళీ వదిలారంటే చెవి బాగానే ఉంది, తలలో అంత పొడవు నిలవలేదు. రేపటి నుంచి వాక్యం మధ్యలో ఆపి రాయండి, సరిపోతుంది. ట్రాన్స్‌క్రిప్ట్ చూడగానే "అరే, ఇదా! ఇది నాకు తెలుసే" అనిపించిన చోట్లు మాత్రం వేరు. వాటి చుట్టూ సున్నా చుట్టండి. వుడ్ హావ్, ఫర్ హిమ్ అలాంటివే. షాడోయింగ్ చెయ్యాల్సింది వాటికోసమే.

ఇప్పుడు షాడోయింగ్, ఆరేడు నిమిషాలు. మొదట సున్నా చుట్టిన ముక్కను విడిగా తీసుకోండి. "ఫరిమ్, ఫరిమ్ ట కన్‌ఫర్మ్, వెయిటింగ్ ఫరిమ్ ట కన్‌ఫర్మ్", ఇలా ఆ ముక్క నుంచి రెండు వైపులా పెంచుకుంటూ రండి. నోరు దాన్ని నలపడం నేర్చుకోవాలి. తర్వాత ట్రాన్స్‌క్రిప్ట్ చూస్తూ ఆడియో వెంట రెండుసార్లు, ఆపైన కాగితం తిరగేసి మూడు నాలుగుసార్లు. ఇయర్‌ఫోన్ రెండు చెవుల్లోనూ పెట్టుకుని చిన్న గొంతుతో అనండి. గట్టిగా అంటే మీ గొంతే ఆడియోను కప్పేస్తుంది, పైగా రూమ్మేట్‌కు నిద్ర ఉండదు.

ఇందులో తప్పుదారి పట్టే చోట్లు రెండున్నాయి. కాగితం తీసేయకుండా చేస్తే అది షాడోయింగ్ కాదు, పైకి చదవడం. చెవి ఖాళీగా కూర్చుంటుంది. ఇంకోటి దీనికి రివర్స్. ఒకే ముక్కను మరీ ఎక్కువసార్లు చేస్తే బట్టీ వచ్చేస్తుంది, ఆడియోకన్నా మీరే ముందు అనేస్తుంటారు. అలా ముందుకు పోతున్నారని గమనించిన క్షణాన ఆ ముక్క పని అయిపోయినట్టే, మార్చండి. సరిగ్గా వస్తోందో లేదో తెలియాలంటే ఫోన్‌లో ఒకసారి రికార్డు చేసి, సున్నా చుట్టిన చోట మాత్రం పోల్చి చూడండి. మొత్తం యాస కలవాలని ఎవరూ అడగలేదు. "వుడ్... హావ్" అని విడదీసి అంటున్నారా, "డవ్" అంటున్నారా, అంతే చూసుకోండి.

చివర మిగిలిన నిమిషం ఊరికే కళ్లు మూసుకుని ఆ ముక్కను ఒకసారి వినండి, అర్థం కోసం. ఇది ఎందుకంటే షాడోయింగ్‌కు ఒక లోటుంది. 1953లో కోలిన్ చెర్రీ అనే శాస్త్రవేత్త ప్రయోగాల్లో మనుషులకు ఒక చెవిలో ఒక ప్రసంగం, రెండో చెవిలో ఇంకో ప్రసంగం వినిపించి, ఒకదాన్ని వెంటవెంటనే తిరిగి చెప్పించాడు. చెప్పడం చక్కగా చెప్పారు కానీ, చెప్పినదాని సారం వాళ్లకు పెద్దగా తెలియకపోవచ్చని ఆయన రాశాడు. చిలకపలుకుల్లా అనేయడం సాధ్యమే. అందుకే షాడోయింగ్ ఒక్కటీ చేస్తే వినికిడి మొత్తం బాగుపడుతుందనే వీడియోలను నేను నమ్మను.

ప్లేబ్యాక్ స్పీడు తగ్గించుకోవచ్చా అని కూడా అడుగుతుంటారు. రాయడానికి 0.75 పెట్టుకుంటే తప్పులేదు. కానీ మనిషి పలకని హకారం స్పీడు తగ్గిస్తే పుట్టుకురాదు. "ఫరిమ్" సాగి "ఫరీమ్" అవుతుందంతే. దిద్దుకున్నాక మాత్రం మామూలు వేగంలోనే వినాలి, షాడోయింగ్ కూడా ఆ వేగంలోనే.

అమెరికన్లతో పనిచేసేవాళ్లు ప్రత్యేకంగా పట్టుకోవాల్సిన జత ఒకటుంది: కెన్, కాన్ట్. "వి కెన్ షిప్ ఇట్ టుడే" అనేటప్పుడు మామూలుగా కెన్ నలిగిపోయి "విక్‌న్ షిప్పిట్" అవుతుంది. కాన్ట్ అయితే "వి క్యాన్ షిప్పిట్" అన్నట్టు వస్తుంది, చివరి టకారం గొంతులోనే ఆగిపోతుంది. మనవాళ్లు టకారం కోసం కాచుకుని కూర్చుంటారు, అది రాదు. "క్యాన్" అని శుభ్రంగా వినపడిందిగా, పంపిస్తారన్నమాట అనుకుంటారు. నిజానికి వాక్యం మధ్యలో అంత శుభ్రంగా వినపడితే, అది కుదరదన్న మాట కావడానికే అవకాశం ఎక్కువ. "యెస్, వి కెన్" అని వాక్యం చివర వచ్చినప్పుడు, నొక్కి చెప్పినప్పుడు మాత్రం కెన్ కూడా పూర్తిగా పలుకుతుంది. డిక్టేషన్‌లో ఈ జత దగ్గర తప్పు పోతే, రెండింటినీ పక్కపక్కన పెట్టి షాడోయింగ్ చెయ్యండి. కాల్‌లో అనుమానం వస్తే "సో, నాట్ టుడే?" అని తిరిగి అడిగేయండి, మొహమాటం వద్దు.

ఆడియో ఎక్కడ తెచ్చుకోవాలి? మనుషులు చూసి సరిచేసిన ట్రాన్స్‌క్రిప్ట్ ఉన్నదే తీసుకోండి. యూట్యూబ్ తనంతట తాను వేసే క్యాప్షన్లు సరిగ్గా ఈ నలిగిన చోట్లే తప్పుతుంటాయి, వాటితో దిద్దుకుంటే తప్పే ఒప్పయి కూర్చుంటుంది. బీబీసీ వాళ్ల సిక్స్ మినిట్ ఇంగ్లిష్‌కు ట్రాన్స్‌క్రిప్ట్ ఇస్తారు, ఒక ఎపిసోడ్‌ను ముక్కలు చేస్తే పది రోజులకు సరిపోతుంది. అది బ్రిటిష్ ఇంగ్లిష్, పైగా నేర్చుకునేవాళ్ల కోసం కాస్త తీరిగ్గా మాట్లాడతారు. మొదటి ఎపిసోడ్లకు అదే మంచిది. తర్వాత అమెరికన్ రేడియో ఎన్పీఆర్ ఇంటర్వ్యూలకు రండి, వాటిలో చాలావాటికి ట్రాన్స్‌క్రిప్ట్ ఉంటుంది. సినిమా సీన్లు వద్దు. వెనక సంగీతం ఉంటే నలిగిన పదం అసలే వినపడదు. మీ ఆఫీసు కాల్ రికార్డింగులు ఇంటికి తెచ్చి ప్రాక్టీసు చెయ్యడం మాత్రం అస్సలు వద్దు, ఉద్యోగానికే ఎసరు.

పది నిమిషాలే దొరికిన రోజు డిక్టేషన్, దిద్దుకోవడం చేసి ఆపేయండి. మర్నాడు అదే ముక్కకు షాడోయింగ్. మెట్రోలో ఉంటే పెదాలు మాత్రం కదిపినా పర్లేదు. సున్నా చుట్టినవన్నీ పుస్తకం చివరి పేజీలో వరసగా రాసుకుంటూ పోండి. కొన్నాళ్లకు అవే అయిదారు తిరిగి తిరిగి వస్తున్నాయని కనిపిస్తుంది. వాటిలో ఏదైనా, మీరెప్పుడూ వినని కొత్త ముక్కలో మొదటి వినికిడికే చిక్కిందా, దాన్ని కొట్టేయండి. పాత ముక్కలో చిక్కితే లెక్కలోకి రాదు, అది బట్టీ.