499కి ఫ్రీ డెలివరీ పెట్టారా? మీ లాభం కొరియర్ వాడికి పోతోంది!

“అన్నా, మాది భీమవరం. ఇంట్లో పచ్చళ్ళు పెట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతాం. అర కిలో డబ్బా 250. ఇంతకుముందు డెలివరీకి 80 తీసుకునేవాళ్ళం. ‘499 దాటితే డెలివరీ ఫ్రీ’ అని పెట్టాక అమ్మకాలు పెరిగాయి, చేతిలో డబ్బు మాత్రం తగ్గింది. అసలు ఎంతకి పెట్టాలి?”

649కి పెట్టండి చెల్లెమ్మా. ఈ రాత్రే మార్చేయండి. ఎందుకో చెప్తాను, మీరు పంపిన ఖర్చుల లెక్కలే తీసుకుంటున్నా.

అసలు ఈ 499 ఎక్కడి నుంచి వచ్చింది? పెద్ద యాప్‌లో చూశారు, తెచ్చి మీ పేజీలో పెట్టేశారు. చిన్న వ్యాపారులందరూ చేస్తున్నది ఇదే, నాకు ఒళ్ళు మండేదీ ఇక్కడే! ఆ యాప్ వాళ్ళకి దేశమంతా గోడౌన్లున్నాయి, కొరియర్ రేటు వాళ్ళు అడిగినంతకి దొరుకుతుంది. అమెజాన్ కూడా అమెరికాలో 2002లో ఈ పద్ధతి మొదలుపెట్టినప్పుడు 99 డాలర్ల దగ్గర పెట్టింది. ఆ ఏడాదిలోనే 49కి, తర్వాత 25కి దించింది. అంటే అంత పెద్ద కంపెనీ కూడా పై నుంచి మొదలుపెట్టి, చూసుకుంటూ కిందికి వచ్చింది. మనం మాత్రం మొదటి రోజే అట్టడుగున కూర్చుంటున్నాం.

సరే, లెక్కలోకి రండి. ఒక డబ్బా 250. కారం, నూనె, కాయలు, డబ్బా, లేబుల్, కూలి అన్నీ పోను 110 మిగులుతుంది. అట్టపెట్టె, బబుల్ షీట్, టేపు కలిపి ఆర్డర్‌కి 25. ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసిపెట్టే పేమెంట్ గేట్‌వే వాడికి మొత్తం బిల్లు మీద 2 శాతం. మీ కొరియర్ మొదటి అర కిలోకి 45, ఆ పైన ప్రతి అర కిలోకి 40 తీసుకుంటున్నాడు. ప్యాకింగ్‌తో ఒక డబ్బా 650 గ్రాములు తూగుతుంది, కానీ బిల్లు పడేది కిలోకి, 85 రూపాయలు. రెండు డబ్బాలు కిలోంబావు, బిల్లు కిలోన్నరకి, 125.

ఇప్పుడు వినండి. పాత పద్ధతిలో ఒక డబ్బా కొన్న మనిషి 250కి పైన డెలివరీ 80 ఇచ్చేవాడు. అన్నీ పోను మీకు 73 మిగిలేది. ఇప్పుడు అతను 499 బోర్డు చూసి రెండో డబ్బా వేసుకున్నాడు, బిల్లు 500 అయింది. మీరు సంతోషించారు. మిగిలింది ఎంత? 220 లోంచి కొరియర్ 125, ప్యాకింగ్ 25, గేట్‌వే 10 తీసేయండి. 60! రెండు డబ్బాలు కలిపి, రెండు డబ్బాలు మూతలు బిగించి, 13 రూపాయలు తక్కువ సంపాదించారు. అమ్మకం రెట్టింపు, లాభం తక్కువ. నేను అరిచి చెప్పేది ఈ ఒక్క మాటే: బిల్లు పెరగడం వేరు, లాభం పెరగడం వేరు!

ఇంకా పెద్ద చిల్లు మరోచోట ఉంది. ముందు నుంచే రెండు డబ్బాలు కొంటున్న వాళ్ళున్నారు చూశారా, వాళ్ళు 80 ఇస్తున్నప్పుడు మీకు ఆర్డర్‌కి 138 మిగిలేది. వాళ్ళెవరూ ఫ్రీ అడగలేదు, అదనంగా ఏమీ కొనలేదు. 499 పెట్టగానే వాళ్ళ దగ్గర కూడా 60కి పడిపోయారు. ప్రతి ఆర్డర్‌లో 78 రూపాయలు ఊరికే వదిలేశారు.

“సగటు బిల్లు చూసి, దాని మీద 30 శాతం కలిపి పెట్టండి” అని చెప్పే వీడియోలు మీరు చూసే ఉంటారు. దయచేసి వినకండి! పది బిల్లుల్లో ఐదు 250వి, నాలుగు 500వి, ఒకటి పెళ్ళివాళ్ళది 3000ది అనుకోండి. సగటు 625. ఆ పదిలో 625 దగ్గర బిల్లు ఒక్కటి కూడా లేదు! దాని మీద 30 శాతం కలిపితే 812. 500 బిల్లు ఉన్నవాడు ఇంకో 312 ఎందుకు వేసుకుంటాడు? సగటు పక్కన పెట్టి, ఏ మొత్తం దగ్గర బిల్లులు గుంపుగా పడుతున్నాయో చూడండి. మీకు 250 దగ్గర, 500 దగ్గర. హద్దు పెట్టాల్సింది 500 దాటాక, ఇంకో చిన్న వస్తువు వేస్తే అందేంత దూరంలో.

ఆ చిన్న వస్తువు ఏది అన్నదే అసలు ప్రశ్న. మూడో డబ్బా అంటారు అందరూ. వేసి చూడండి: 750 బిల్లు, బరువు 1850 గ్రాములు, రెండు కిలోల బిల్లు 165. మిగిలేది 125. పాత 138 కంటే తక్కువే. డబ్బా వేసిన ప్రతిసారీ బరువు ఒక మెట్టు ఎక్కేస్తోంది.

అందుకే నేను చెప్పేది పొడి. మీ దగ్గర కందిపొడి 200 గ్రాముల పౌచ్ 150కి ఉంది, అందులో 85 మీకు మిగులుతుంది. రెండు డబ్బాలు కిలోంబావు దగ్గర ఆగాయి, మీరు కిలోన్నరకి డబ్బు కడుతున్నారు. అంటే పావు కిలో చోటు ఖాళీగా ప్రయాణం చేస్తోంది, కిరాయి మాత్రం మీరు ఇచ్చేశారు! ఆ చోటులో పౌచ్ పెట్టండి. కొరియర్ ఖర్చు పైసా పెరగదు. బిల్లు 650, ఖర్చులన్నీ పోను 142.

“138 ఎక్కడ, 142 ఎక్కడ, నాలుగు రూపాయలకా ఇంత గొడవ?” అంటారేమో. మీరు పోల్చాల్సింది ఇప్పుడు మిగులుతున్న 60తో. పైగా రెండే డబ్బాలు కొని ఆగేవాడు 80 కడతాడు, మీకు 138 వస్తుంది. పొడి వేసుకున్నవాడికి 580 బదులు 650 అయింది, అంటే 150 పౌచ్ అతనికి 70కే వచ్చినట్టు. అతనికీ లాభమే, అందుకే వేసుకుంటాడు. కార్ట్‌లో “ఫ్రీ డెలివరీకి ఇంకో 149” అని రాసి వదలకండి, కింద ఆ కందిపొడినే చూపించి, నొక్కితే చేరిపోయేలా పెట్టండి.

ఈ లెక్కని చెడగొట్టేది అట్టపెట్టె. కొరియర్ వాడు తూకమే కాదు, పెట్టె సైజు కూడా చూస్తాడు. సెంటీమీటర్లలో పొడవు × వెడల్పు × ఎత్తు ÷ 5000, దీన్నీ తూకాన్నీ పోల్చి ఏది ఎక్కువైతే దానికి బిల్లు వేస్తాడు. 30 × 20 × 15 పెట్టెలో పెడితే 1.8 కిలోలు, అంటే రెండు కిలోల మెట్టు. 40 రూపాయలు గాలికి కట్టారు! 22 × 16 × 15 పెట్టె అయితే కిలో పైన కొంచెమే, అసలు తూకమే నిలబడుతుంది. కొరియర్ బిల్లులో ‘ఛార్జ్ చేసిన బరువు’ అన్న కాలమ్‌ని మీ కాటా తూకంతో కలిపి చూస్తే పెట్టె ఎంత తింటోందో తెలిసిపోతుంది.

మార్చాక రెండు వారాలు ఆగి బిల్లులు చూడండి. 650 నుంచి 700 మధ్య కొత్త గుంపు రావాలి. 500 గుంపు అక్కడే ఉండిపోతే పొడి కనిపించడం లేదని అర్థం, హద్దు దించకండి, ముందు పొడి మార్చి చూడండి, కారప్పొడి పెట్టండి. 250 బిల్లులు కూడా తగ్గిపోతే మాత్రం 80 చూసి జనం వెళ్ళిపోతున్నారు. అప్పుడు ఆ 80ని 60 చేయండి, ఒక్క డబ్బా మీద 73 బదులు 54 మిగులుతుంది. నష్టం రాదు.

నేను వేసిన రేట్లు మీరు ఆంధ్రా, తెలంగాణలకి పంపేవి. ఢిల్లీకీ గువాహటికీ అదే కొరియర్ ఇంకా ఎక్కువ తీసుకుంటాడు, అక్కడికి 649 పెడితే మళ్ళీ మొదటికే వస్తారు. మీ ఆన్‌లైన్ షాపు షాపిఫైలో ఉంటే రాష్ట్రాలని బట్టి డెలివరీ రేటు వేరుగా పెట్టుకోవచ్చు, దూరపు రాష్ట్రాలకి హద్దు ఇదే లెక్కతో విడిగా వేయండి. క్యాష్ ఆన్ డెలివరీకి మాత్రం ఫ్రీ ఇవ్వనే వద్దు. పార్సిల్ తీసుకోకుండా వెనక్కి పంపితే రానూపోనూ రెండు కిరాయిలూ మీవే, అలాంటిది ఒక్కటి తగిలితే దాదాపు రెండు మంచి ఆర్డర్ల లాభం తుడిచిపెట్టుకుపోతుంది. ముందే డబ్బు కట్టిన వాళ్ళకే 649 ఫ్రీ, ఆ మాట బోర్డు మీదే రాసేయండి.