పారా ఎస్ఎఫ్‌కి వెళ్తానంటున్న కుర్రాళ్లతో
(విజయ్ దివస్ సభలో ఒక రిటైర్డ్ ఇన్‌ఫాంట్రీ సుబేదార్ ప్రసంగ పాఠం)

సర్పంచ్ గారికి, హెడ్మాస్టర్ గారికి, మాజీ సైనికుల సంఘం పెద్దలకు, అమ్మలకు నమస్కారం. శాలువాలు చివర్లో కప్పుకుందాం. కుర్రాళ్లు ఎండలో కూర్చున్నారు.

1971 యుద్ధం గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను. కానీ పొద్దున్నుంచి పదిమంది కుర్రాళ్లు నన్ను ఒకటే అడిగారు, "అంకుల్, డైరెక్టుగా కమాండో అవ్వాలంటే ఎలా?" అని. ముప్పై ఏళ్లు ఇన్‌ఫాంట్రీలో చేసినవాణ్ని. ఇన్‌ఫాంట్రీలో ఎలా చేరాలని ఒక్కడూ అడగలేదు. సరే, కోపం లేదు. కొంచెం ఉంది.

ఇన్‌ఫాంట్రీ పని నేలను పట్టుకోవడం. ఒక గుట్ట తీసుకోమంటారు, తీసుకుంటాం, దాని మీదే ఉంటాం. బెటాలియన్ అంటే సుమారు ఎనిమిది వందల మంది. వెనక ఫిరంగులుంటాయి, రేషను వస్తుంది, దెబ్బ తగిలితే కిందికి దించేవాళ్లుంటారు. స్పెషల్ ఫోర్సెస్ వాళ్లు, అంటే మీరు కమాండోలు అంటున్న పారా ఎస్ఎఫ్ వాళ్లు, శత్రువు వెనక్కి వెళ్తారు, ఒక్క పని చేస్తారు, తిరిగొస్తారు. అక్కడ నిలబడి పోరాడటం వాళ్ల పని కాదు. ఎక్కువసేపు నిలబడాల్సి వచ్చిందంటే ఏదో తేడా వచ్చినట్టే.

మంధోల్ సంగతి చెబుతాను. 1971 డిసెంబర్ 13 రాత్రి, అంటే ఢాకా లొంగిపోవడానికి మూడు రోజుల ముందు. పూంఛ్ దగ్గర మంధోల్ అనే ఊళ్లో పాకిస్తాన్ ఫిరంగుల దళం ఒకటి, ఆరు 122 ఎంఎం ఫిరంగులు, మనవాళ్లను చావగొడుతోంది. మామూలుగా వాటిని అందుకోవాలంటే ముందున్న పోస్టులన్నీ ఒక్కొక్కటిగా గెలుచుకుంటూ పోవాలి. ఎన్ని రోజులు, ఎంతమంది ప్రాణాలు! 9 పారా కమాండో బెటాలియన్ నుంచి ఒక కంపెనీ మేజర్ మల్హోత్రా నాయకత్వంలో ఆ పోస్టుల మధ్య సందుల్లోంచి దూరి వెళ్లింది. డిసెంబర్ చలిలో పూంఛ్ నది దాటారు. ఆలోచించండి బాబూ, తడి బట్టలతో, చీకట్లో, దగ్గు వచ్చినా దగ్గకూడదు. అక్కడికి చేరాక ఆరు టీములయ్యారు, టీముకో ఫిరంగి. కాపలావాళ్లతో కొట్లాట అయింది, పేలుడు మందు పెట్టి ఆరింటినీ పేల్చేశారు. అందరూ ఇక్కడితో కథ ఆపేస్తారు. నాకైతే అసలు కష్టం ఆ తర్వాతే. ఇప్పుడు చుట్టూ ఉన్న పోస్టులన్నీ మేలుకున్నాయి, దెబ్బ తిన్నవాళ్లను మోసుకుంటూ వాటి మధ్యలోంచే వెనక్కి రావాలి. ఫిరంగి సపోర్టు లేదు, అంబులెన్సు లేదు. అందుకే టీములో ఒకడికి వైద్యం, ఒకడికి పేలుడు మందు, ఒకడికి వైర్‌లెస్ బాగా వచ్చి ఉండాలి. ఒకడు పడిపోతే వాడి పని పక్కవాడు అందుకోవాలి.

ఎంపిక కూడా ఈ పనికి తగ్గట్టే ఉంటుంది. వలంటీర్లనే తీసుకుంటారు. పారా ఎస్ఎఫ్ ప్రొబేషన్, అంటే పనికొస్తావో లేదో పరీక్షించే కాలం, మూడు నెలలు. వద్దనుకుంటే ఏ రోజైనా వెళ్లిపోవచ్చు. ఎవరూ తిట్టరు, సొంత యూనిట్‌కి పంపేస్తారు. అందులో ముప్పై ఆరు గంటల పరీక్ష ఒకటుంది. నిద్ర ఉండదు. బరువుతో నడక, మనిషిని మోయడం, దుంగలు మోయడం, ఒకటి అయిందనుకుంటే ఇంకొకటి.

మా బెటాలియన్ నుంచి ఒకడు వెళ్లాడు. క్రాస్‌కంట్రీలో వాణ్ని పట్టుకున్నవాడు లేడు. వెనక్కి వచ్చేశాడు. ఏమైందిరా అంటే, "కాళ్లు బాగానే ఉన్నాయి సాబ్. రెండో రాత్రి ఆపి, దారిలో ఎన్ని గుడిసెలున్నాయి, గేదె ఏ గుడిసె ముందు కట్టేసి ఉంది అని అడిగారు. నాకు గేదే గుర్తులేదు" అన్నాడు. వాళ్లు చూసేది అది. ఒళ్లు అలిసిపోయాక బుర్ర పనిచేస్తోందా? పక్కవాడి మీద విసుక్కుంటున్నాడా, వాడి బరువు అందుకుంటున్నాడా?

ఇప్పుడు నా కడుపుమంట. పేరు చెప్పను గానీ, మన టౌన్‌లో ఒకాయన "కమాండో బ్యాచ్" అని ఫీజు కట్టించుకుని మే నెలలో పదకొండింటికి పిల్లల వీపున ఇటుకల సంచి వేసి పరిగెత్తిస్తున్నాడు. నీళ్లు అడిగితే మగాడివి కాదా అంటున్నాడు. నీళ్లు మానేస్తే గట్టిపడతారని ఏ ఆర్మీ చెప్పింది?

2013 జులైలో వేల్స్ కొండల్లో బ్రిటన్ కమాండో దళం ఎస్ఏఎస్‌లోకి రిజర్వు సైనికుల ఎంపిక జరిగింది. సుమారు 26 కిలోమీటర్ల నడక, వీపున ఇరవై కిలోలకు పైగా బరువు. ముగ్గురు ఎండదెబ్బకు చనిపోయారు. అంతకుముందే ఇద్దరు ఎండదెబ్బతో తప్పుకున్నారు. అప్పుడే ఆపాల్సిందని తర్వాత విచారణలో తేలింది. పట్టుదల ఉన్నవాడే ఎక్కువ ప్రమాదంలో ఉంటాడు, ఎందుకంటే ఆగడు. వాణ్ని ఆపాల్సింది పక్కనున్నవాడు.

అమ్మా, మీకే చెబుతున్నాను. మీవాడు ఎండలో పరిగెత్తి వచ్చి తూలుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా "కాసేపు పడుకో" అనకండి. నీడకి లాగి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి, గాలి తగిలేలా విసురుతూనే 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్లు పోయకండి.

తమ్ముళ్లూ, పొద్దున్నే ఐదింటికి గ్రౌండుకి రండి, నేనూ వస్తాను. ఎండ ఎక్కేలోపు ముగించేద్దాం. బూట్లు లేనివాళ్లు ఈ సభ అయ్యాక నన్ను కలవండి.